మెట్రో కట్టారు సరే, ఫలితం ఎవరి పూచీ?

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు నడవడంతో హైదరాబాద్ మెట్రో మొదటి దశ పూర్తయింది. మొత్తం మూడు కారిడార్లు, 57 స్టేషన్లు, 69 కిలోమీటర్లు. ఐదేళ్లు గడిచాక, 2025 సెప్టెంబరులో, దాన్ని కట్టి నడుపుతున్న ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, సుమారు 13 వేల కోట్ల అప్పుతో సహా రాష్ట్ర ప్రభుత్వం తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పందం కుదిరింది. ఉదయం, సాయంత్రం వేళల్లో రైళ్లు మాత్రం అప్పటికీ కిక్కిరిసే నడుస్తున్నాయి. బండి నిండా జనం, లెక్కల నిండా నష్టం. దీన్ని గెలిచిన ప్రాజెక్టు అనాలా, ఓడిన ప్రాజెక్టు అనాలా?

ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్లు ఈ ప్రశ్నను రెండు ముక్కలు చేస్తారు. పని అనుకున్న గడువులో, అనుకున్న ఖర్చులో, అనుకున్న నాణ్యతతో జరిగిందా అన్నది మొదటిది. 1969లో బ్రిటిష్ ఇంజినీరు మార్టిన్ బార్న్స్ ఈ మూడింటినీ ఒక త్రిభుజంగా గీసి చూపించాడు. కట్టినదాని వల్ల దేనికోసం కట్టారో అది నెరవేరిందా అన్నది రెండోది. మొదటిది ప్రాజెక్టు నిర్వహణ విజయమనీ, రెండోది ప్రాజెక్టు విజయమనీ, రెండింటినీ కలిపి కొలవకూడదనీ 1988లో ఆంటన్ డి విట్ ఒక వ్యాసంలో వాదించాడు. పెళ్లి ముహూర్తానికి జరిగిందా అన్నది ఒక ప్రశ్న, కాపురం సాగుతోందా అన్నది వేరే ప్రశ్న.

మొదటి కొలతతో చూస్తే మెట్రోకు మంచి మార్కులు పడవు. 2012 జూలై నుంచి ఐదేళ్లలో, అంటే 2017 జూలైకల్లా అంతా పూర్తి కావాలి. మియాపూర్–నాగోల్ మధ్య తొలి 30 కిలోమీటర్లే 2017 నవంబరు 28న మొదలయ్యాయి. మిగతాది రావడానికి ఇంకో రెండేళ్లకు పైగా పట్టింది. 14 వేల కోట్ల చిల్లర అనుకున్న ఖర్చు 18 వేల కోట్లు దాటింది. ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా దాకా రావాల్సిన ఐదున్నర కిలోమీటర్లు అసలు కట్టనే లేదు.

అయితే ఈ అంకెలను చూసి ఇంజినీర్ల మీద తీర్పు చెప్పడం అన్యాయం. ఆలస్యంలో పెద్ద వాటా పనితనం లోపానిది కాదు. రోడ్డు మధ్యలో స్తంభాలు వేయడానికి ఆస్తులు సేకరించాలి, కోర్టు కేసులు తేలాలి, రైల్వే లైన్ల మీదుగా వెళ్లడానికి అనుమతులు రావాలి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ దగ్గర మార్గం మార్చాలన్న చర్చతో కొంతకాలం పని నిలిచింది. ఎదురైన ఇన్ని అడ్డంకుల మధ్య, రద్దీ ఆగని రోడ్ల నడిమధ్య, ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలను పైకెత్తి కూర్చి వయాడక్టు కట్టడం చిన్న పని కాదు. గడువు తప్పిందన్న ఒక్క మాటలో ఇదంతా కనబడదు.

రెండో కొలతకు వస్తే కథ మారుతుంది. తొలి అంచనాల ప్రకారం రోజుకు 15 లక్షల మందికి పైగా ఎక్కాలి. ఎక్కుతున్నది నాలుగున్నర, ఐదు లక్షల మంది. ఆదాయంలో దాదాపు సగం టికెట్ల నుంచి, 45 శాతం స్టేషన్ల దగ్గరి స్థలాల్లో కట్టే వాణిజ్య భవనాల నుంచి, మిగిలిన ఐదు శాతం ప్రకటనల నుంచి వస్తుందని లెక్క వేశారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ వచ్చాయి గానీ, అనుకున్న నిర్మాణంలో అది కొద్ది భాగమే. అంటే ఆదాయం ఏ కాళ్ల మీద నిలబడాలో ఆ రెండు పెద్ద కాళ్లూ పొట్టివయ్యాయి. వడ్డీ మాత్రం తగ్గలేదు.

మరి రైళ్లు కిక్కిరిసి ఉండటమేమిటి? హైటెక్ సిటీ వైపు ఉదయం, అటునుంచి సాయంత్రం జనం ఒకేసారి వస్తారు. రైలుకు ఉన్నవి మూడే పెట్టెలు, పట్టేది దాదాపు వెయ్యి మంది. కాబట్టి రద్దీ వేళ నిలబడటానికి చోటుండదు, మధ్యాహ్నం సీట్లు ఖాళీ. రద్దీని చూసి రైలు బాగా నడుస్తోందనుకోవడం ఎంత తప్పో, నష్టాన్ని చూసి రైలు పనికిరాలేదనడం అంతే తప్పు.

అసలు చూడాల్సింది మూడోది: ప్రయోజనం చేతికందిందా? స్టేషన్ కట్టడం వల్ల చేతికి వచ్చేది స్టేషన్ మాత్రమే. జనం బండి ఇంట్లో వదిలి రైలెక్కితే అది మార్పు. ఆ మార్పు వల్ల ప్రయాణ సమయం తగ్గి, రోడ్డు మీద రద్దీ, పొగ తగ్గితే అది ప్రయోజనం. కట్టుబడి పూర్తయిన రోజున చేతికి వచ్చేది మొదటిది ఒక్కటే.

ఎల్బీ నగర్ నుంచి మాదాపూర్ ఆఫీసుకు వెళ్లే ఒకాయనను ఊహించుకుందాం. అమీర్‌పేటలో దిగి బండి మారి, హైటెక్ సిటీకి సిగ్నళ్ల గొడవ లేకుండా చేరతాడు. ఇంతవరకు రైలు తన పని చేసింది. తర్వాత స్టేషన్ మెట్లు దిగి, నడవడానికి వీల్లేని ఫుట్‌పాత్ చూసి, బస్సు లేక ఆటో కోసం పావుగంట నిలబడతాడు. అరగంట ఆదా అయిందనుకుంటే సగం అక్కడే పోయింది, టికెట్ మీద ఆటో డబ్బులు అదనం. రెండు వారాలు చూసి స్కూటర్ తీస్తాడు. లెక్కల్లో ఒక ప్రయాణికుడు తగ్గాడు. ఈ తప్పు రైలుది కాదు. ఫుట్‌పాత్ నగరపాలక సంస్థది, బస్సు ఆర్టీసీది, ఆటో ఎవరి అదుపులోనూ లేదు. మెట్రో ఒప్పందం మీద సంతకం చేసినవాళ్లలో ఆ చివరి కిలోమీటరు పూచీ పడ్డవారు లేరు. సమస్య వేరు ఇక్కడే ఉంది.

ప్రయోజనానికి పేరు పెట్టడం, దాన్ని ఎవరు రాబట్టాలో రాసుకోవడం, రైలు మొదలవక ముందే కొలత తీసుకోవడం, ఏడాది తర్వాత మళ్లీ కొలవడం: ఈ పద్ధతికి అడ్డు ఇంకొకటి ఉంది. మార్పుకు కారణం ఏదో విడదీయడం కష్టం. 2020 మార్చిలో కోవిడ్‌తో రైళ్లు ఆగాయి, సెప్టెంబరు దాకా కదలలేదు. ఆఫీసులు ఇళ్లకు మారాయి. 2023 డిసెంబరులో మహిళలకు ఉచిత బస్సు వచ్చింది. దాని ప్రభావం మెట్రో మీద పడిందని ఎల్ అండ్ టీ ఉన్నతాధికారులు బాహాటంగానే అన్నారు. ఒక పథకం తన ప్రయోజనం తెచ్చుకుంటూ ఇంకో ప్రాజెక్టు అంచనాను కోసేసింది. మహిళా ప్రయాణికురాలి దృష్టిలో మాత్రం అది లాభమే. ఎవరికి విజయం అన్నది అడగకుండా విజయం గురించి మాట్లాడలేమని ఇక్కడ తేలిపోతుంది.

రెండో దశకు 76.4 కిలోమీటర్ల ప్రతిపాదన 2024 నవంబరులో కేంద్రానికి వెళ్లింది. అంచనా ఖర్చు 24,269 కోట్లు. మొదటి దశలో వదిలేసిన పాతబస్తీ మార్గం చాంద్రాయణగుట్ట దాకా పొడిగింపుతో ఇందులో ఉంది. గడువు, ఖర్చు, కిలోమీటర్ల మీద ఎలాగూ చర్చ జరుగుతుంది. ఆ చర్చలో ప్రతి స్టేషన్‌కూ మరో వరుస అడిగి రాయించుకోవాలి: అక్కడికి వచ్చే బస్సు ఏది, ఫుట్‌పాత్ ఎంత వెడల్పు, వాటికి జవాబుదారీ ఏ అధికారి, మొదటి ఏడాది చివర ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మం దాకా పట్టే సమయాన్ని ఎవరు కొలిచి ప్రకటిస్తారు.