రహస్య జన్మదిన వేడుక – రెండు సమయాల ఆహ్వానం

ఆహ్వానపత్రికలో ఉండవలసిన అంశాలు మీకు తెలిసినవే. ఎవరు పిలుస్తున్నారు, ఎందుకు పిలుస్తున్నారు, ఎక్కడికి, ఏ రోజున, ఎన్ని గంటలకు రావాలి అనే ఐదు విషయాలు అందులో స్పష్టంగా ఉండాలి. వివాహ శుభలేఖ అయినా, గృహప్రవేశ పత్రిక అయినా ఈ క్రమాన్నే పాటిస్తుంది. అయితే ఒకానొక ఆహ్వానంలో మాత్రం ఒక్క సమయం చాలదు. ఎవరి పుట్టినరోజో ఆ వ్యక్తికి తెలియకుండా బంధుమిత్రులు ముందుగా చేరి, ఆ వ్యక్తి ఇంటికి రాగానే ఎదురై శుభాకాంక్షలు తెలిపే వేడుకకు పంపే ఆహ్వానం అటువంటిది. దీనిని నేడు అందరూ ‘సర్‌ప్రైజ్ పార్టీ’ అంటున్నారు. ఇందులో అతిథులు రావలసిన సమయం ఒకటి, ముఖ్యవ్యక్తి వచ్చే సమయం మరొకటి. ఈ రెండింటి మధ్య వ్యవధిని సరిగా నిర్ణయించి, అపార్థానికి తావులేకుండా చెప్పడమే ఈ లేఖారచనలోని ప్రధానాంశం.

సాధారణ వేడుకకూ దీనికీ గల భేదాన్ని మొదట గ్రహించాలి. పెళ్లికి ఆలస్యంగా వెళ్లిన బంధువు జీలకర్ర-బెల్లం ఘట్టాన్ని చూడలేకపోవచ్చు. ఆ లోటు అతనికే గాని పెళ్లికి కాదు. రహస్య వేడుకలో అలా కాదు. ముఖ్యవ్యక్తి వీధి మలుపు తిరిగే వేళకు ఒక్క అతిథి పళ్లబుట్టతో ఆటో దిగుతూ కనిపిస్తే, ముందుగా వచ్చి కూర్చున్న ముప్పైమంది నిరీక్షణా వ్యర్థమవుతుంది. ఒకరి ఆలస్యం అందరికీ నష్టం కలిగిస్తుంది కనుక, సమయంతో పాటు దానికి గల కారణాన్ని కూడా ఈ లేఖలో తెలుపవలసి ఉంటుంది. కారణం తెలియని అతిథి, వేడుకలన్నీ కొంత ఆలస్యంగానే మొదలవుతాయన్న అనుభవంతో, తన అలవాటు ప్రకారమే బయలుదేరుతాడు.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. రాజమహేంద్రవరంలో దానవాయిపేట నివాసి అయిన ఒక విశ్రాంత ఉపాధ్యాయునికి డిసెంబరు 14, ఆదివారం నాటికి అరవై ఐదు సంవత్సరాలు నిండుతాయి. వారి పెద్దకుమార్తె ఈ వేడుకను తలపెట్టింది. తండ్రిగారు ప్రతిరోజూ సాయంత్రం 5 గంటలకు ఇల్లు విడిచి, పుష్కరఘాట్ వద్ద గోదావరి ఒడ్డున కొంతసేపు గడిపి, 7 గంటలకు ఇల్లు చేరుతారు. ఆనాడు వారి బావమరిది తోడుగా వెళ్లి, తిరిగి తీసుకువచ్చే బాధ్యతను స్వీకరించాడు. తండ్రిగారి నిత్యకృత్యాన్నే ఆధారం చేసుకోవడంలో ఆమె వివేకం కనిపిస్తుంది. కొత్తగా ఒక పని కల్పించి బయటకు పంపితే అనుమానానికి చోటు ఉంటుంది. రోజూ జరిగే దానిలో అది ఉండదు.

ఇక అతిథులను ఎన్ని గంటలకు రమ్మనాలి? దీనిని ముఖ్యవ్యక్తి వచ్చే సమయం నుండి వెనుకకు లెక్కించాలి. తండ్రిగారు రావలసింది 7 గంటలకు. చలిగాలి వీచినా, మాటలు త్వరగా ముగిసినా ఇరవై నిమిషాలు ముందే రావచ్చు. కనుక 6.40కి ఇంట్లో అంతా సిద్ధంగా ఉండాలి. వచ్చినవారు వాహనాలు దూరంగా నిలిపి, లోపలి గదిలో కూర్చొని, కుశలప్రశ్నలు ముగించి నిశ్శబ్దం కావడానికి పది నిమిషాలు పడుతుంది. అంటే చివరి అతిథి 6.30కి ఇంటిలో ఉండాలి. మనవారిలో కొందరు చెప్పిన వేళకు అరగంట తరువాత వస్తారు. ఆ అరగంటను కూడా తీసివేస్తే 6 గంటలు వస్తుంది. లేఖలో వ్రాయవలసిన సమయం అదే. 6.30 అన్నది నిర్వాహకుల మనస్సులో ఉండే చివరి గడువు. దానిని కూడా లేఖలో ప్రకటిస్తే అందరూ ఆ వేళకే బయలుదేరుతారు.

అయితే వ్యవధి ఎక్కువగా ఉంటే మంచిదే కదా, 4 గంటలకే రమ్మంటే పోదా అనిపించవచ్చు. 4 గంటలకు తండ్రిగారు ఇంటిలోనే ఉంటారు. ‘6 గంటలలోపు’ అని మాత్రమే వ్రాస్తే, కాకినాడ నుండి బస్సులో వచ్చే తమ్ముడు ముందుజాగ్రత్తతో నాలుగున్నరకే తలుపు తట్టవచ్చు. ఆలస్యం వలె తొందర కూడా రహస్యాన్ని బయటపెడుతుంది. కనుక ఈ ఆహ్వానంలో గడువుకు రెండు కొసలు ఉండాలి. 5 గంటలకు బయలుదేరే మనిషి ఏదో మరచి వెనుకకు రావచ్చు కనుక అరగంట విడిచి, ‘5.30 తరువాత, 6 గంటలకల్లా’ అని వ్రాయడం ఉచితం.

ఇక్కడ భాషాపరమైన ఒక సూక్ష్మం ఉంది. ‘6 గంటలకు రండి’ అంటే వేడుక ఆరంభమయ్యే వేళగా అతిథి అర్థం చేసుకుంటాడు. ‘6 గంటల నుండి’ అంటే ఆ తరువాత ఎప్పుడు వచ్చినా సరేనన్న భావం కలుగుతుంది. విందు పత్రికలలో అది తగినదే గాని ఇక్కడ ప్రమాదకరం. ‘6 గంటలకల్లా’ అన్నప్పుడు ఆ వేళకు రాక పూర్తి కావాలన్న అర్థం వస్తుంది. దానితో ‘రండి’ అనే క్రియకు బదులు ‘వచ్చి ఉండండి’ అని చేరిస్తే సందేహానికి చోటుండదు. ఒక ప్రత్యయం, ఒక సహాయక్రియ ఇంత పని చేస్తాయి.

ముఖ్యవ్యక్తి వచ్చే సమయాన్ని కూడా లేఖలో చెప్పాలా? చెప్పాలి. అది తెలియకపోతే ముందుగా రావలసిన కారణం బోధపడదు. కాని రెండు సమయాలను పక్కపక్కనే విడిచిపెడితే చదివేవారి దృష్టి తమకు అనుకూలమైన రెండవదానిపై నిలుస్తుంది. అందుచేత అతిథి సమయాన్ని ముందు, విడిగా వ్రాయాలి. రెండవదానిని కారణం చెప్పే వాక్యంలో మాత్రమే ఉంచాలి.

పై అంశాలను దృష్టిలో ఉంచుకొని ఆమె తన పినతండ్రికి వ్రాసిన లేఖ ఇలా ఉంటుంది.

రాజమహేంద్రవరం,
డిసెంబరు 1.

పూజ్యులైన బాబాయిగారికి, పిన్నిగారికి నమస్కారములు.

ఈ లేఖలోని విషయం నాన్నగారికి తెలియదు. దయచేసి వారితో గాని, వారి ఎదుట గాని ప్రస్తావించవద్దు.

డిసెంబరు 14, ఆదివారం నాన్నగారి అరవై ఐదవ జన్మదినం నిండుతున్న సందర్భంగా మన ఇంట్లో చిన్న వేడుక చేయదలచాము. మీరిద్దరూ ఆనాటి సాయంత్రం 5.30 తరువాత బయలుదేరి చేరేలా చూసుకొని, 6 గంటలకల్లా మన ఇంటికి వచ్చి ఉండవలసిందిగా కోరుతున్నాను. నాన్నగారు 5 గంటలకు గోదావరి ఒడ్డుకు వెళ్లి 7 గంటలకు తిరిగి వస్తారు. ఒక్కొక్కప్పుడు ముందే రావచ్చు. వారు వచ్చేసరికి మనమందరం లోపల ఉండాలి.

ఒకవేళ ఆలస్యమైతే నేరుగా ఇంటికి రాకుండా, వీధి చివర నుండి చెల్లాయికి ఫోను చేయండి. ఎప్పుడు రావాలో అది చెబుతుంది. ఇంటి ఫోనుకు మాత్రం చేయవద్దు. ఆ రోజు ఉదయం మీరు ఏటా చేసినట్లే నాన్నగారికి ఫోను చేసి శుభాకాంక్షలు చెప్పండి.

ఇట్లు,
మీ అన్నగారి పెద్దమ్మాయి.

ఈ లేఖలో, కొన ఏది, మొదలు ఏది అని ఒకసారి చూడండి. ‘5.30 తరువాత బయలుదేరి చేరేలా’ అన్న మాట సరిగా లేదు. కాకినాడలో 5.30కి బయలుదేరిన మనిషి 6 గంటలకు రాజమహేంద్రవరం చేరలేడు. ఆమె ఉద్దేశం ఇంటికి చేరే వేళ గురించే గాని బయలుదేరే వేళ గురించి కాదు. ‘సాయంత్రం 5.30కి ముందు కాకుండా, 6 గంటలకల్లా మన ఇంటికి వచ్చి ఉండవలసిందిగా’ అని దిద్దితే వాక్యం సరిపోతుంది. సమయాన్ని సూచించే మాట ఏ క్రియను అంటిపెట్టుకొని ఉందో సరిచూసుకోవడం ఇటువంటి లేఖలలో తప్పనిసరి.

మిగిలిన వాక్యాలకు కారణాలు సులభంగానే తెలుస్తాయి. రహస్యమన్న మాటను చివర వ్రాస్తే, లేఖ సగం చదివిన వ్యక్తి సంతోషంతో అన్నగారికే ఫోను చేసే అవకాశం ఉంది. అందుకే అది మొదటి వాక్యమైంది. ఆలస్యంగా వచ్చేవారికి చూపిన మార్గం వారిని అవమానించకుండానే వేడుకను కాపాడుతుంది.

చివరి వాక్యం అన్నింటికంటె ముఖ్యమైనది. రహస్యం కాపాడాలన్న ఆరాటంతో బంధువులందరూ ఆ రోజు ఉదయం నుండి మౌనం వహిస్తే ఏమవుతుంది? ఏటా పలకరించే తమ్ముడు ఈసారి పలకరించలేదని, పిల్లలకు సైతం తాను గుర్తు లేనని ఆ పెద్దమనిషి పగలంతా బాధపడతాడు. సాయంత్రం ముప్పై నిమిషాల ఆనందం కోసం పగలు పది గంటల దుఃఖాన్ని కలిగించడం న్యాయం కాదు. దాచవలసింది సాయంత్రపు కలయికను మాత్రమే. అభిమానాన్ని దాచనవసరం లేదు. హృద్రోగం ఉన్నవారి విషయంలోనూ, ఇటీవల ఆప్తులను కోల్పోయినవారి విషయంలోనూ ఈ పద్ధతిని విడిచి, ముందుగా చెప్పి చేయడమే మేలు.

లేఖలో పట్టని కొన్ని జాగ్రత్తలను ఇంటివారే తీసుకోవాలి. మన ఇళ్లలో గుట్టు మొదట బయటపడేది గుమ్మం వద్దనే. ముప్పై జతల చెప్పులు అరుగు మీద ఉంటే ఇంట్లో ఎవరు దాగినా ప్రయోజనం లేదు. వాటిని పెరటివైపు చేర్చాలి. డిసెంబరులో 6 గంటలకే చీకటి పడుతుంది కనుక రోజూ వెలిగే వీధిదీపాన్ని ఆనాడూ వెలిగించాలి. చీకటిగా ఉన్న ఇల్లు కూడా అనుమానాన్నే కలిగిస్తుంది. ఘాట్ నుండి బయలుదేరగానే బావమరిది ఒక మిస్డ్ కాల్ ఇస్తే చాలు, మాటతో పని లేకుండా ఇంటివారికి సంకేతం అందుతుంది.

అభ్యాసం

1. ‘6 గంటలకు’, ‘6 గంటల నుండి’, ‘6 గంటలకల్లా’ – ఈ మూడింటి అర్థభేదాన్ని వివరించండి.

2. మీ అమ్మమ్మగారు ప్రతి శుక్రవారం 4.30కి గుడికి వెళ్లి 6.15కి తిరిగి వస్తారు. ఆమె జన్మదిన వేడుకను రహస్యంగా జరపడానికి అతిథులు రావలసిన సమయాన్ని లెక్కించి, మీ మేనమామకు ఆహ్వానలేఖ వ్రాయండి.