ఆర్డర్లు పదొచ్చాయ్... మిగిలిందెంత?

కాజల్, లిప్‌బామ్, ఫేస్‌ప్యాక్ కలిపి ఒక కిట్. ధర 400 రూపాయలు. ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్ పెడితే ఆర్డర్లు వచ్చేస్తున్నాయి. అయినా నెలాఖరుకు ఖాతాలో డబ్బు కనిపించడం లేదు. సౌందర్య ఉత్పత్తుల ఆన్‌లైన్ స్టోర్ పెట్టిన విద్యార్థుల్లో చాలామందికి ఎదురయ్యేది ఇదే. సరకు అమ్ముడుపోక నష్టపోయేవాళ్లు కొందరే. డబ్బు ఎలా తీసుకోవాలి, పార్సిల్ ఎలా పంపాలి అన్న రెండు నిర్ణయాల దగ్గర లాభం జారిపోయేవాళ్లే ఎక్కువ. స్టోర్ డిజైన్‌కు వారం కేటాయించేవాళ్లు ఈ లెక్కకు ఒక పూట కూడా ఇవ్వరు.

ముందు సరకు సంగతి

ఇంట్లో సబ్బులు, క్రీములు తయారుచేసి అమ్ముదామనుకుంటే ఆగండి. 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి సౌందర్య ఉత్పత్తులు తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్సు ఉండాలి. చిన్న స్థాయిలో చేస్తున్నాం కదా అంటే కుదరదు. లైసెన్సున్న తయారీదారు నుంచి కొని అమ్మడం విద్యార్థులకు తేలికైన దారి.

హోల్‌సేల్‌లో కొనేటప్పుడు పెట్టె తిప్పి చూడండి. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, ఎమ్మార్పీ ఉండాలి. విదేశీ సరకైతే దిగుమతిదారు చిరునామా, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ నంబరు చూడాలి. ఇవి లేని ‘ఇంపోర్టెడ్’ లిప్‌స్టిక్ ఎంత చౌకగా ఇస్తామన్నా వద్దనండి. బిల్లు అడిగితే ముఖం చాటేసే దుకాణం దగ్గర కూడా కొనొద్దు. రేపు ఎవరికైనా చర్మం మీద దద్దుర్లు వస్తే ఆ బిల్లే మీకు ఆధారం.

జీఎస్టీ విషయానికొస్తే, సొంత వెబ్‌సైట్ ద్వారా పక్క రాష్ట్రానికి ఒక్క కిట్ పంపినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సొంత రాష్ట్రంలోనే అమ్మితే ఏడాది టర్నోవర్ తెలంగాణలో 20 లక్షలు, ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు దాటేవరకు అక్కర్లేదు. మొదటి కొన్ని నెలలు రాష్ట్రం దాటకుండా అమ్మడం మంచిదనడానికి ఇదొక కారణం. డెలివరీ ఖర్చు తగ్గడం రెండోది.

క్యాష్ ఆన్ డెలివరీ... అసలు లెక్క

ఇప్పుడు మన కిట్ దగ్గరికి వద్దాం. లెక్క సులువుగా ఉండటానికి పన్ను పక్కన పెడదాం. కొన్న ధర 190, ప్యాకింగ్ 15, కొరియర్ 65 అనుకుందాం. ఇవి పోను 130 మిగులుతుంది. కొనేవాళ్లు ముందే ఆన్‌లైన్‌లో చెల్లిస్తే పేమెంట్ గేట్‌వే రుసుము సుమారు రెండు శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ పడతాయి. అంటే దాదాపు పది రూపాయలు. చేతికి 120 వస్తుంది. అదే క్యాష్ ఆన్ డెలివరీ అయితే కొరియర్ సంస్థ డబ్బు వసూలు చేసినందుకు 35 తీసుకుంటుందనుకుంటే, మిగిలేది 95.

తేడా పాతికేగా అనిపిస్తుంది. కానీ అసలు దెబ్బ వేరే చోట ఉంది. డెలివరీ బాయ్ తలుపు కొడితే ‘వద్దండీ, తీసుకెళ్లిపోండి’ అంటారు. లేదా ఫోనే ఎత్తరు. పార్సిల్ వెనక్కొస్తుంది. కొరియర్ పరిభాషలో దీన్ని ‘ఆర్‌టీవో’ అంటారు. వెళ్లిన ఖర్చు 65, తిరుగు ఖర్చు 55, ప్యాకింగ్ 15 కలిపి 135 రూపాయలు మీ జేబులోంచి పోతాయి.

పది క్యాష్ ఆర్డర్లలో మూడు వెనక్కొచ్చాయనుకోండి. ఏడింటి మీద 665 వచ్చింది, మూడింటి మీద 405 పోయింది. నికరంగా మిగిలింది 260. నాలుగు వెనక్కొస్తే 30 రూపాయలే. అయిదు వస్తే 200 నష్టం. తిరిగొచ్చిన పెట్టెలో లిప్‌బామ్ కరిగిపోయో, డబ్బా పగిలిపోయో ఉంటే ఇంకో 190 కూడా కలపండి. మన ఎండాకాలంలో ఇది అరుదేం కాదు. పైగా క్యాష్ డబ్బు డెలివరీ అయిన రోజే మీ ఖాతాలో పడదు. కొరియర్ సంస్థ నుంచి రావడానికి వారం, అంతకంటే ఎక్కువ కూడా పడుతుంది. ఇరవై వేల పెట్టుబడితో మొదలుపెట్టినవాళ్లకు ఆ వారంలో కొత్త సరకు కొనడానికి డబ్బుండదు.

అలాగని క్యాష్ ఆన్ డెలివరీ పూర్తిగా తీసేస్తే, పేరు తెలియని స్టోర్‌కు ముందే డబ్బు కట్టడానికి చాలామంది వెనకాడతారు. మధ్యేమార్గం ఒకటుంది. డెలివరీ ఛార్జీ వరకు, అంటే 60 లేదా 70 రూపాయలు, యూపీఐలో ముందే తీసుకుని మిగతాది డెలివరీ అప్పుడు వసూలు చేయడం. సరదాకి ఆర్డర్ పెట్టేవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. ముందే మొత్తం చెల్లించేవాళ్లకు పాతిక రూపాయలు తగ్గించినా మీకు నష్టం లేదు. 95 ఎలాగూ మిగులుతుంది, వెనక్కొచ్చే భయం దాదాపు ఉండదు. మిగిలిన క్యాష్ ఆర్డర్లకు పార్సిల్ కట్టేముందే ఫోన్ చేసి చిరునామా, ల్యాండ్‌మార్క్ అడగండి. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే పంపొద్దు.

వాట్సాప్‌లో అమ్మేవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. ‘పే చేశాను’ అంటూ వచ్చే స్క్రీన్‌షాట్ రుజువు కాదు. అలాంటివి నకిలీవి తయారుచేయడం నిమిషం పని. మీ బ్యాంకు ఖాతాలో డబ్బు పడిందో లేదో చూసుకున్నాకే పార్సిల్ కదలాలి. గేట్‌వే పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు. దానికి పాన్, బ్యాంకు ఖాతాతోపాటు వెబ్‌సైట్‌లో రిఫండ్, డెలివరీ విధానాలు, సంప్రదించాల్సిన వివరాల పేజీలు అడుగుతారు. అవి లేకనే చాలా దరఖాస్తులు పెండింగ్‌లో పడతాయి.

పెట్టె సైజూ డబ్బే

మన కిట్ బరువు 300 గ్రాములు. కొరియర్ బిల్లు మాత్రం కిలోకి వచ్చింది. ఎందుకు? కొరియర్ సంస్థలు అసలు బరువు, పెట్టె పరిమాణాన్ని బట్టి వచ్చే బరువు, ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ వేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5000తో భాగిస్తారు. 25, 20, 10 సెంటీమీటర్ల పెట్టెకు సరిగ్గా ఒక కిలో వస్తుంది. అదే కిట్‌ను 15, 12, 8 పెట్టెలో సర్దితే 288 గ్రాములే. అప్పుడు అసలు బరువు 300 గ్రాములే లెక్కలోకొస్తుంది, అరకిలో శ్లాబులో పోతుంది. అందుకే పెట్టెలు కొన్నాక కిట్ తయారు చేయొద్దు. కిట్ తయారుచేసి, చుట్టూ బబుల్ ర్యాప్‌కి చోటు వదిలి, అప్పుడు పెట్టె ఎంచుకోండి. పంపేముందు తూకం యంత్రం మీద, టేపుతో కొలుస్తూ ఫొటోలు తీసి దాచండి. బరువు ఎక్కువని తర్వాత అదనపు ఛార్జీ వేస్తే వాదించడానికి అవే పనికొస్తాయి.

కిట్‌లో నెయిల్ పాలిష్, పెర్ఫ్యూమ్ చేరిస్తే కథ మారుతుంది. అవి మండే స్వభావం ఉన్నవి కాబట్టి విమానంలో పంపే కొరియర్ సేవలకు సాధారణంగా ఒప్పుకోరు. రోడ్డు మార్గంలో పంపాలి, రోజులు ఎక్కువ పడతాయి. ఆ సంగతి దాచి పంపితే పార్సిల్ మధ్యలోనే ఆగిపోతుంది. ఆలస్యమైన కొద్దీ కొన్నవాళ్ల మనసు మారుతుంది, మళ్లీ అదే 135 రూపాయల లెక్క. మొదట్లో ఈ రెండూ లేకుండా మొదలుపెట్టడమే నయం.

రిటర్న్ విధానం స్టోర్‌లో స్పష్టంగా రాయండి. సీల్ తీసిన కాజల్‌ను ఇంకొకరికి అమ్మలేరు. కాబట్టి ‘పగిలినా, వేరే వస్తువు వచ్చినా 48 గంటల్లో పెట్టె తెరిచిన వీడియో పంపండి, మార్చి ఇస్తాం’ అన్నట్టు ఉంటే ఇద్దరికీ ఇబ్బంది లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే వ్యక్తి పేరు, సంప్రదింపు వివరాలు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోగా పరిష్కరించాలి. ఒక్కరే నడిపే స్టోర్ అయితే ఆ పేరు మీదే.

మొదటి 50 ఆర్డర్లకు ఒక నోట్‌బుక్ పెట్టండి. పిన్‌కోడ్, చెల్లింపు పద్ధతి, చేరిందా వెనక్కొచ్చిందా, ఎందుకు అని రాస్తూ పోండి. ఏ పిన్‌కోడ్‌ల నుంచి పార్సిళ్లు తరచూ తిరిగొస్తున్నాయో అందులోనే కనిపిస్తుంది. వాటికి క్యాష్ ఆన్ డెలివరీ ఆపేసి, మిగతా చోట్ల కొనసాగించండి.