ఇద్దరిదీ ఒకే బీఎంఐ, కొవ్వు మాత్రం రెండింతలు

2004లో లాన్సెట్ పత్రికలో ఒక ఫొటో వచ్చింది. అందులో పక్కపక్కనే నిలబడ్డ ఇద్దరూ మధుమేహ పరిశోధకులే. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్‌కిన్. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. చూపుకు ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కానీ ఎక్స్‌రే యంత్రంతో ఒంట్లో కొవ్వును కొలిస్తే యుడ్‌కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం తేలింది. ఇద్దరు మనుషుల్ని చూసి రెండు ఖండాల గురించి తీర్పు చెప్పలేం కదా అంటే నిజమే, ఆ పేజీని కొంత సరదాకే వేశారు. అయితే ఆసియా వాసులకు బీఎంఐ హద్దు ఎందుకు తగ్గించారో చెప్పడానికి అంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ. ఆ లెక్కకు తెలిసింది తూకం ఒక్కటే. తూగుతున్నది కండో కొవ్వో దానికి తెలియదు. కొవ్వయినా అది తొడల్లో ఉందో కాలేయంలో ఉందో అసలే తెలియదు.

హాని చేసేది ఆ తెలియని భాగమే. చర్మం కింద, ముఖ్యంగా తొడల్లో, పిరుదుల్లో చేరే కొవ్వు చాలావరకు నిల్వ సరుకు. దానివల్ల పెద్దగా బెడద లేదు. ఆ గిడ్డంగి నిండిపోతే మిగిలింది పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయంలో, కండల్లో చేరుతుంది. అక్కడ అది ఇన్సులిన్ పనికి అడ్డు తగులుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది. దక్షిణాసియా వాసుల్లో ఈ గిడ్డంగి చిన్నదనీ, అందుకే తక్కువ బరువుకే పొంగిపొర్లుతుందనీ ఒక సిద్ధాంతం ఉంది. ఇంకా వాదన నడుస్తున్న విషయమే అయినా చాలా కొలతలు దానికి అనుకూలంగానే ఉన్నాయి. రెండో కారణం కండ తక్కువ కావడం. భోజనం తర్వాత రక్తంలోని చక్కెరలో ఎక్కువ భాగాన్ని లాక్కునేది కండలే కాబట్టి, అవి తక్కువైన ఒంటికి తట్టుకునే శక్తీ తక్కువే. ఇదంతా మనం కూర్చుని తినడం వల్లనే వచ్చిందనుకోవడానికి లేదు. పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన పిల్లల్ని యాజ్ఞిక్ బృందం ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి చూసింది. అక్కడి బిడ్డ సగటున 3.5 కిలోలు తూగితే ఇక్కడి బిడ్డ తూగింది 2.7 కిలోలే. చేతుల్లో కండ బాగా తగ్గింది, కానీ భుజం ఎముక కింద చిటికెతో పట్టుకుని కొలిచే కొవ్వు మడత మాత్రం అంతగా తగ్గలేదు. బక్కగా కనిపిస్తూనే కొవ్వు దాచుకునే ఆ తీరు పొత్తిళ్లలోనే మొదలైందన్నమాట.

ఇంతకీ 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్న గీతలు ఎక్కడివి? ప్రధానంగా ఐరోపా సంతతి జనాల్లో ఏ బరువు దగ్గర జబ్బులూ మరణాలూ పెరుగుతున్నాయో చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసినవి. నిజానికి అపాయం మెట్లు మెట్లుగా ఉండదు, వాలుగా ఎక్కుతుంది. 24.9 దగ్గర భద్రంగా ఉన్న మనిషి 25 దగ్గర ఉన్నట్టుండి రోగి అయిపోడు. కాబట్టి గీత ఎక్కడ గీయాలన్నది ప్రకృతి చెప్పే మాట కాదు, మనం తీసుకునే నిర్ణయం. 2002లో సింగపూర్‌లో సమావేశమైన నిపుణులు ఈ సంగతి దాచలేదు. ఆసియాలో అపాయం పెరగడం మొదలయ్యే చోటు ఒక్కో జనాభాలో 22 నుంచి 25 వరకు మారుతోందని రాశారు. అందుకే పాత అంతర్జాతీయ గీతల్ని చెరపకుండా, ఆసియా దేశాలు జాగ్రత్త చర్యలు మొదలుపెట్టడానికి 23నీ, అపాయం బాగా ఎక్కువైన చోటుకు 27.5నీ అదనపు గుర్తులుగా చేర్చారు. 2009లో భారతీయ వైద్యులు ఇంకో అడుగు ముందుకేసి 23ను అధిక బరువుకూ 25ను ఊబకాయానికీ హద్దులన్నారు. చైనా 24, 28 ఎంచుకుంది. ఈ తేడాలు అయోమయంలా కనిపించవచ్చు. వాలు మీద గీత గీయవలసి వచ్చినప్పుడు ఎవరి గీత వారిదే అవుతుంది.

ఆచరణలో ఇది ఎంత తేడా తెస్తుందో చూద్దాం. 170 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి 25 అంటే సుమారు 72 కిలోలు, 23 అంటే 66న్నర. మధ్యలో ఉన్నది ఆరు కిలోల లోపే. కానీ ఆ కొద్ది మేరలోనే ఎంతోమంది ఉన్నారు. అమెరికాలోని ఆసియా సంతతి పెద్దల్లో 25 దాటినవారికే షుగరు పరీక్ష చేస్తే, కొత్తగా బయటపడవలసిన మధుమేహాల్లో మూడో వంతుకు పైగా తప్పిపోతున్నాయని తేలింది. అక్కడి మధుమేహ సంఘం 2015లో వారికి పరీక్ష హద్దును 23కు దించింది. డాలస్‌లో ఉన్న తెలుగువారికీ వర్తించే నియమమే ఇది. ఇంగ్లండ్‌లో సుమారు పదిహేను లక్షల మంది వైద్య రికార్డులతో 2021లో వెలువడిన అధ్యయనం ఈ లెక్కను తిరగేసి చూసింది. శ్వేతజాతీయులకు 30 దగ్గర ఉండే మధుమేహ ముప్పు దక్షిణాసియా సంతతికి 23.9 దగ్గరే ఎదురవుతోంది. చైనా సంతతికి అది 26.9. ఒకే దేశంలో, ఒకే వైద్య వ్యవస్థలో ఉన్నవారి మధ్య వచ్చిన తేడా కాబట్టి దేశాల మధ్య పోలికల కంటే దీన్నే నేను ఎక్కువగా నమ్ముతాను.

23 గీతకు గట్టి అభ్యంతరం ఒకటుంది. 2011లో పదకొండు లక్షల మందికి పైగా ఆసియా వాసుల్ని పరిశీలించిన అధ్యయనంలో, తూర్పు ఆసియాలో మరణాలు తక్కువగా కనిపించింది 22.6 నుంచి 27.5 మధ్య ఉన్నవారిలో. భారత్, బంగ్లాదేశ్ జనాల్లోనైతే బీఎంఐ ఎక్కువైనంత మాత్రాన మరణాలు పెరిగిన జాడే లేదు. మరి 23 దగ్గరే గంట కొట్టడం దేనికి? ఈ ఫలితాన్ని తోసిపుచ్చలేం కానీ, అది ఏ ప్రశ్నకు జవాబో గమనించాలి. అది చెప్పింది చావు గురించి, 23 అడుగుతున్నది షుగరు గురించి. క్షయ, పేదరికం, పొగ తాగడం ఉన్నచోట బక్కగా ఉన్నవారే ముందు పోతారు. అక్కడ కాస్త ఒళ్లున్నవాడంటే తిండీ వైద్యమూ అందుతున్నవాడని కూడా అర్థం. పైగా మధుమేహం ఒక్కసారిగా ప్రాణం తీయదు. ఇరవై ఏళ్లపాటు కళ్లనూ కిడ్నీలనూ అరగదీస్తుంది. అలాగని 23 దాటినవారంతా చిక్కిపోవాలని ఈ గీతకు అర్థం చెబితే తప్పే. రక్త పరీక్ష చేయించుకోవడానికి అది సరిపడే కారణం. డెబ్బై ఏళ్లు దాటినవారు 24ను 22కు దించుకోబోతే కొవ్వు కంటే ముందు కండే కరిగే ప్రమాదముంది.

ఆసియా అన్న మాట మరీ పెద్ద సంచి అన్న అభ్యంతరం ఇంకా న్యాయమైనది. ఆ ఇంగ్లండ్ అంకెల్లో చైనా సంతతికీ మనకూ మూడు పాయింట్ల దూరం ఉంది, ఒక్క పేరు కింద ఇద్దర్నీ కట్టేస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. మరి సంతతి అడగకుండా నడుమే కొలిస్తే పోదా? భారతీయ మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 అన్న హద్దులు ఎటూ ఉన్నాయి, పొట్ట లోపలి కొవ్వు జాడ బీఎంఐ కంటే టేపే బాగా పట్టిస్తుంది. చిక్కల్లా కొలవడంలోనే. అడుగు పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య, ఊపిరి మామూలుగా వదిలాక టేపు చుట్టాలి. ప్యాంటు సైజును నమ్ముకుంటే, బొడ్డు కింద బెల్టు బిగించే మనిషికి పొట్ట లెక్కలోకే రాదు. పైగా ఆ 90, 80 కూడా సంతతిని బట్టి తేల్చినవే, పాశ్చాత్య దేశాల్లో మగవారికి 102 దాకా పోతాయి. కాబట్టి టేపు పట్టుకున్నా ఎవరి నడుము అన్న ప్రశ్న తప్పదు. తిరిగి బీఎంఐకే వస్తే, మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అధిక బరువును నేటికీ 25 నుంచే లెక్కిస్తుంది. బీఎంఐ 24 ఉన్న మనిషి ఆ పట్టికలో మామూలువాడు, 2009 నాటి భారతీయ హద్దులు పాటించే డాక్టరు గదిలో మాత్రం అధిక బరువు ఉన్నవాడు.