రోజూ బొమ్మలేసే పిల్లలకు ఏం కొనాలి?

ఇంట్లో బొమ్మలేసే పిల్ల ఉందని తెలిస్తే చాలు, పుట్టినరోజుకు చుట్టాలు తెచ్చే కానుక దాదాపు ఒక్కటే. సూట్‌కేసులా తెరుచుకునే పెద్ద పెట్టె. ఒకవైపు స్కెచ్ పెన్నులు, ఇంకోవైపు క్రేయాన్లు, ఆయిల్ పాస్టెళ్లు, అడుగున వాటర్ కలర్ బిళ్లలు, మూలన ఓ బుల్లి షార్పనర్. లోపల వందకు పైగా వస్తువులున్నాయని మూత మీద పెద్ద అక్షరాలు. ఏడేళ్ల పిల్లకైతే అది పండగే. రోజూ గంటసేపు కూర్చుని గీసే పద్నాలుగేళ్ల పిల్లకు మాత్రం అందులో పనికొచ్చేవి నాలుగైదు ఉంటే ఎక్కువ. ఆ డబ్బంతా వస్తువుల సంఖ్యకు పోయింది, సరుకుకు కాదు.

ఏం కొనాలో తెలియాలంటే ముందు ఆ పిల్ల డబ్బా చూడాలి. అడగడం కన్నా ఇదే నయం, అడిగితే చాలామంది పిల్లలు మొహమాటానికి ‘ఏదైనా పర్లేదు’ అంటారు. డబ్బాలో అన్నిటికన్నా పొట్టిగా అరిగిపోయిన పెన్సిల్ ఏది? రంగు బిళ్లల్లో గుంట పడ్డది ఏది? నోటు పుస్తకాల వెనక పేజీల్లో బొమ్మలు బాల్ పెన్నుతో ఉన్నాయా, పెన్సిల్‌తోనా? 4బీ పెన్సిల్ వేలెడంత మిగిలి, 2హెచ్ పెన్సిల్ చెక్కకుండానే పడి ఉంటే ఆ పిల్ల నీడలు దట్టంగా దిద్దుతుందని అర్థం. అలాంటప్పుడు పన్నెండు గ్రేడుల టిన్ను కొంటే అందులో హెచ్ రకాలన్నీ అలాగే ఉండిపోతాయి. విడిగా నాలుగు 4బీలు, రెండు 8బీలు కొంటే నెలల తరబడి వాడుకుంటుంది.

రోజూ గీసేవాళ్ల ఇంట్లో అన్నిటికన్నా ముందు అయిపోయేది కాగితం. యాభై కాగితాల పుస్తకంలో రోజుకో బొమ్మ చొప్పున, ఒకవైపే వేసినా రెండు నెలలు నిండవు. ఏడాదికి ఏడు పుస్తకాలు కావాలి. అందుకే కానుక బడ్జెట్‌లో సగం కాగితానికి పెట్టడమే తెలివైన పని. అయితే ఇక్కడో తిరకాసు ఉంది. చాలా ఖరీదైన పుస్తకం ఇస్తే పిల్లలు దాన్ని వాడరు. పాడైపోతుందేమోనని బీరువాలో దాస్తారు, లేదంటే మొదటి పేజీ ముందు చేయి బిగుసుకుపోతుంది. రోజువారీ గీతకు ధైర్యంగా పాడుచేసుకోగలిగే కాగితం కావాలి. పూర్తి చేసి గోడకు తగిలించే బొమ్మ కోసం విడిగా పది మంచి షీట్లు ఉంటే సరిపోతుంది.

కాగితం పట్టా మీద రాసే జీఎస్‌ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములన్న లెక్క. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 మధ్య ఉంటుంది. రబ్బరుతో రెండుసార్లు గట్టిగా చెరిపితే అది నలుగుతుంది, పోగులు లేస్తాయి. పెన్సిల్ పనికి 100 దాటితే చాలు, 130 నుంచి 160 మధ్యదైతే పెన్నూ ఇంకూ కూడా తట్టుకుంటుంది. నీటి రంగులకు 300 కావాలి, అంతకన్నా పల్చనిదైతే తడికి అలల్లా ముడుచుకుంటుంది. పట్టా మీది అంకె నిజమో కాదో ఇంట్లో చూసుకునే ఉపాయం ఒకటుంది. ఏ4 కాగితాలు పదహారు కలిస్తే ఒక చదరపు మీటరు. అంటే 160 జీఎస్‌ఎం కాగితం ఒక్కొక్కటి పది గ్రాములు తూగాలి, యాభై కాగితాలు అట్టలు కాక అర కిలో తూగాలి. అట్టలతో కలిపి మూడొందల గ్రాములే ఉంటే ఆ అంకె మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు.

బరువు ఒక్కటే సరిపోదు, వేలితో నిమిరి చూడాలి. పెన్సిల్ గ్రాఫైట్ పట్టుకోవడానికి కాగితానికి కాస్త గరుకుదనం ఉండాలి. మెరిసేలా నున్నగా ఉన్న కాగితం మీద 6బీ కూడా జారిపోయి బూడిద రంగులోనే ఆగిపోతుంది. స్కూలు ప్రాజెక్టులకు కొనే చార్టుల్లో చాలావాటికి ఈ జబ్బు ఉంటుంది.

పుస్తకాల బదులు విడి షీట్లు కొంటే ఇంకా కలిసొస్తుంది. డ్రాయింగ్ సామాన్ల దుకాణాల్లో 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవున్న పెద్ద షీట్లు దొరుకుతాయి. ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఏడున్నరకు పదకొండు అంగుళాలు, ఏ4 కన్నా కొంచెం చిన్నది. క్లిప్పు ఉన్న పరీక్ష అట్టకు తగిలించి హాయిగా గీసుకోవచ్చు. చేత్తో చేసిన నూలు కాగితాలు కూడా దొరుకుతాయి, చూడ్డానికి బాగుంటాయి. కొనే ముందు ఒక మూలన నీటి చుక్క వేసి చూడాలి. చుక్క నిలబడితే రంగులకు పనికొస్తుంది. వేసిన క్షణమే పీల్చేసుకుని చుట్టూ పాకితే, జిగురు పట్టించని కాగితం. దాని మీద కుంచెతో సన్న గీత గీయడం కుదరదు.

పెన్సిళ్ల సంగతికొస్తే, లోపలి ములుకు గ్రాఫైట్, బంకమన్ను కలిపి కాల్చింది. ఫ్రాన్స్‌లో నికోలా జాక్ కోంటె 1795లో ఈ పద్ధతికి పేటెంట్ పొందాడు. మన్ను ఎక్కువైతే గట్టిదనం, అది హెచ్ వరస. గ్రాఫైట్ ఎక్కువైతే నలుపు, అది బీ వరస. అయితే ఒక కంపెనీ 4బీ ఇంకో కంపెనీ 4బీ అంత నల్లగా ఉండాలన్న నియమం ఏమీ లేదు. అప్సర, క్యామెల్, డామ్స్ వంటి మన పెన్సిళ్లతో నేర్చుకునే పని మొత్తం చేయొచ్చు. జర్మనీ నుంచి వచ్చే స్టెడ్లర్ నీలం పెన్సిళ్లలో నున్నదనం, గ్రేడుకు గ్రేడుకు మధ్య తేడా మరింత స్పష్టంగా ఉంటాయన్నది నిజమే. కానీ ధర కొన్ని రెట్లు. అంత కావాలనుకుంటే టిన్ను మానేసి, ఎక్కువగా వాడే గ్రేడువి రెండు విడిగా కొంటే ముచ్చట తీరుతుంది.

బ్రాండు ఏదైనా దుకాణంలోనే చూడాల్సినవి రెండు. పెన్సిల్ వెనక కొస చూడండి, ములుకు సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్కకు జరిగి ఉంటే చెక్కినప్పుడు ఒకవైపు చెక్క ములుకును కప్పేస్తుంది, మొన ఎప్పటికీ సరిగ్గా రాదు. తర్వాత చిత్తు కాగితం మీద లేత నుంచి ముదురుకు ఒక పట్టీ దిద్దండి. మధ్యలో ఇసుక రేణువు గీరినట్టు గీత పడితే ఆ సరుకు వద్దు. ఇంకో మాట, మంచి పెన్సిల్ కూడా రెండుసార్లు నేల మీద పడితే లోపల ములుకు విరుగుతుంది. చెక్కిన ప్రతిసారీ మొన ఊడిపోతుంటే తప్పు షార్పనర్‌ది కాకపోవచ్చు.

శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లను చూస్తే బ్రాండు మోజు కాస్త తగ్గుతుంది. వాళ్లు బట్ట మీద తొలి గీతలు గీసేది కాల్చిన చింత పుల్లల బొగ్గుతో. కలం అంటే చెక్కిన వెదురు పుల్ల, దానికి చుట్టిన గుడ్డ లేదా ఉన్ని. గుడ్డను వేళ్లతో నొక్కుతూ రంగును కొసకు దించుతారు. వేలెడు వెదురు పుల్ల ఏటవాలుగా చెక్కి, ఒక నల్ల ఇండియన్ ఇంకు సీసాతో కలిపి ఇస్తే పెన్సిల్‌తో విసిగిన పిల్లకు కొత్త ఆట దొరుకుతుంది. సన్నం నుంచి లావుకు ఒకే గీతలో మారే ఆ రేఖ ఫైన్‌లైనర్‌తో రాదు.

రంగుల దగ్గరికి వచ్చేసరికి చాలామంది మోసపోయేది కంపెనీ పేరు చూసి. ఒకే కంపెనీ విద్యార్థులకో వరస, చిత్రకారులకో వరస తయారుచేస్తుంది. విన్సర్ అండ్ న్యూటన్‌లో కాట్మన్ విద్యార్థుల వరస, ప్రొఫెషనల్ వేరే. ఫేబర్ కాస్టెల్‌లో స్కూలు పిల్లల రంగు పెన్సిళ్లు వేరు, 1908 నుంచి వస్తున్న పాలిక్రోమోస్ వేరు. క్యామెల్‌లో కూడా స్టూడెంట్, ఆర్టిస్ట్ అని రెండు రకాల నీటి రంగులున్నాయి. విద్యార్థి రకంలో అసలు రంగు పొడి తక్కువ, నింపుడు ఎక్కువ. కాబట్టి పెద్ద పేరున్న కంపెనీ స్కూలు పెన్సిళ్లు నలభై ఎనిమిది కొనడం కన్నా, మంచి వరసలో పన్నెండు కొనడమే మేలు. పరీక్ష సులువు. పసుపు మీద నీలం, దాని మీద ఎరుపు దిద్ది చూడండి. మూడో పొర పట్టకుండా మైనంలా జారితే అది స్కూలు సరుకే.

నీటి రంగుల్లోనూ ఇరవై నాలుగు ట్యూబులు అక్కర్లేదు. పసుపు, ఎరుపు, నీలం ఒక్కోదానిలో రెండేసి ఛాయలు చొప్పున ఆరు, వాటితోపాటు ఒక మట్టి రంగు ఉంటే మిగిలినవన్నీ కలుపుకోవచ్చు. ట్యూబు మీద పీబీ 29 లాంటి కోడ్ కనిపిస్తే అది రంగు పొడి గుర్తు, పీబీ 29 అంటే అల్ట్రామెరైన్ నీలం. ఒకే కోడ్ ఉన్నవి కలిపితే రంగు శుభ్రంగా వస్తుంది. రెండు మూడు కోడ్‌లున్న ట్యూబులను మళ్లీ వేరేవాటితో కలిపితే బురద రంగు తేలుతుంది.

కుంచెలు పది ఉన్న ప్యాకెట్టు వద్దు. ఎనిమిదో నంబరు గుండ్రటి సింథటిక్ కుంచె ఒక్కటి చాలు. నీళ్లలో ముంచి విదిలిస్తే వెంట్రుకలన్నీ ఒకే మొనగా చేరాలి. రెండుగా చీలితే పక్కన పెట్టేయండి. కొత్త కుంచెలకు ఆకారం నిలబడటానికి జిగురు పట్టిస్తారు కాబట్టి పొడిగా చూసి మురిసిపోవద్దు, దుకాణదారును గ్లాసుడు నీళ్లు అడగండి.

ఒక లెక్క వేసి చూద్దాం. తొమ్మిదో తరగతి అమ్మాయి, రోజూ పెన్సిల్‌తో మనుషుల ముఖాలు గీస్తుంది, అప్పుడప్పుడు నీటి రంగులు. మేనమామ దగ్గర పదిహేను వందలున్నాయి. అందులో ఏడెనిమిది వందలు కాగితానికి: రోజువారీకి మామూలు స్కెచ్ పుస్తకాలు రెండు, రంగులకు 300 జీఎస్‌ఎం పెద్ద షీట్లు రెండు, ముక్కలు చేస్తే పదహారు బొమ్మలకు సరి. రెండు వందల్లోపు మన కంపెనీ పెన్సిళ్లు, అవీ ఆమె అరగదీసే గ్రేడులే. ఇంకో వంద ఒక మెత్తటి ముద్ద రబ్బరుకు. అది ముఖంలో వెలుగు పడే చోట్ల గ్రాఫైట్‌ను అద్ది తీసేస్తుంది, కాగితం నలగదు. మిగిలిన నాలుగైదు వందల్లో ఒక మంచి కుంచె, అయిపోవచ్చిన రంగు ట్యూబు ఒకటి రెండు. పెట్టె పెద్దగా కనిపించదు, ఫొటోకూ అంత అందంగా ఉండదు. ఆ అమ్మాయి మాత్రం మర్నాడే వాడటం మొదలుపెడుతుంది.

బిల్లు పారేయకుండా లోపలే పెట్టి ఇవ్వండి. ఉన్న గ్రేడే మళ్లీ వచ్చిందనుకుంటే పిల్లలే వెళ్లి మార్చుకుంటారు. పుస్తకాలు నచ్చాయో లేదో రెండు నెలల తర్వాత కనుక్కుని, నచ్చితే అదే రకం ఇంకొకటి తీసుకెళ్లండి.