గేట్ పాస్ మీద ఎవరి పేరుంది?

జంషెడ్‌పూర్‌లో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లిన అమ్మాయిని అక్కడెవరైనా ఇబ్బంది పెడితే ఎవరికి చెప్పుకోవాలి? శుక్రవారానికల్లా కథనం కావాలన్నారు సంపాదకులు. చట్టాలు ముందేసుకుని కూర్చున్నాను గానీ, నా ధ్యాసంతా ఆ అమ్మాయి మెడలో వేలాడే గేట్ పాస్ మీదే ఉండిపోయింది.

ఒక ఉదాహరణ చెప్తాను. కదమాలో కాపురమున్న తెలుగువాళ్లమ్మాయి, ఇంజినీరింగ్ మూడో ఏడు. ఓ పెద్ద కర్మాగారంలో ఆరు వారాల ట్రైనింగ్. జీతం లేదు. పాస్ ఇప్పించింది కాంట్రాక్టు సంస్థ. ఆ సంస్థ సూపర్‌వైజరు రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో ‘ఫొటో పెట్టు’ అంటాడు. పొద్దున్నే ఆమె ఒంటి గురించి ఏదో ఒకటి అంటాడు. ‘రిపోర్టు మీద సంతకం నాదే, గుర్తుంచుకో’ అంటాడు. ఇంట్లో చెబితే, ‘ఆరు వారాలే కదమ్మా, ఓర్చుకో’ అంటారు. ఆ మాటే నాకు మింగుడుపడదు.

ఫిర్యాదు చేస్తే ‘నువ్వు మా మనిషివి కాదు’ అన్న జవాబు ఎంత పైనుంచైనా రావచ్చు. పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి మీద 2013లో ఒక న్యాయ విద్యార్థిని ఆరోపణ చేస్తే, సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తులతో కమిటీ వేసింది. ఆయన ప్రవర్తన అవాంఛనీయమేనని కమిటీ ప్రాథమికంగా తేల్చింది. అయినా, ఆమె సుప్రీంకోర్టు జాబితాలోని ఇంటర్న్ కాదనీ, ఘటన నాటికే ఆయన రిటైరయ్యారనీ చెప్పి కోర్టు తదుపరి చర్య అక్కర్లేదంది.

చరిత్ర రెండు ముక్కల్లో: 1997లో విశాఖ తీర్పు, 2013లో పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం. ఈ చట్టం ‘ఉద్యోగి’ అన్న మాటలోనే ట్రైనీని, అప్రెంటిస్‌ని కలిపేసింది, జీతమున్నా లేకున్నా. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగే అయివుండాలనీ లేదు. కాబట్టి పాస్ మీద కాంట్రాక్టరు పేరుందని కర్మాగారం చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షురాలు సీనియర్ ఉద్యోగిని, సభ్యుల్లో కనీసం సగం మంది స్త్రీలు, ఒకరు బయటి మనిషి. ఇక్కడ ఆమె కర్మాగారం కమిటీకి రాయొచ్చు. సూపర్‌వైజరు కాంట్రాక్టరు మనిషి గనక ఆ సంస్థ కమిటీకీ రాయొచ్చు.

కమిటీ ఉందన్న మాటను నేను తేలిగ్గా నమ్మను. దాన్ని వేసిన ఉత్తర్వు అందరికీ కనబడేచోట అంటించాలి, దాని తేదీ చూడండి. సభ్యుల గడువు మూడేళ్లకు మించకూడదు. అంతకంటే పాత కాగితమైతే ‘ఇప్పుడున్నదెవరు?’ అని రాతపూర్వకంగా అడగాల్సిందే.

పదిమంది కూడా లేని చిన్న షెడ్డయితే, లేదా వేధించింది యజమానే అయితే, జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. జంషెడ్‌పూర్‌లో చిక్కు ఇక్కడే. బిష్టుపూర్, సాక్చి, కదమా తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలో ఉన్నాయి. ఖర్కాయ్ వంతెన దాటితే వచ్చే ఆదిత్యపూర్, దాని పారిశ్రామిక వాడ, సరాయికేలా-ఖర్సావాన్ జిల్లా. ఆదిత్యపూర్ షెడ్డులో జరిగినదాన్ని తూర్పు సింగ్‌భూమ్ కమిటీకి ఇస్తే రోజులు వృథా. ఇల్లు కాదు, ఘటన జరిగిన చోటు చూడాలి. మున్సిపాలిటీ స్థాయిలో నోడల్ అధికారి ఉండాలి, ఆయన తీసుకున్న ఫిర్యాదును ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి.

రోజులెందుకు ముఖ్యమంటే, చివరి ఘటన నుంచి మూడు నెలలే గడువు. ఆఖరి మెసేజ్ జూన్ 20న వస్తే సెప్టెంబరు 20లోపు రాయాలి. ట్రైనింగ్ ముగిసి కాలేజీ తెరిచేసరికి సగం గడువు కరిగిపోతుంది. తగిన కారణం చూపితే కమిటీ మరో మూడు నెలలదాకా పొడిగించగలదు. ఫిర్యాదు ఆరు ప్రతులు ఇవ్వాలి. తేదీ, వేళ, చోటు, అతను అన్న మాట ఉన్నదున్నట్టు, విన్నవాళ్ల పేర్లు రాయాలి. ‘అసభ్యంగా మాట్లాడాడు’ అని ఊరుకుంటే విచారణలో నిలబడదు. మెసేజ్‌లు చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు జత చేయాలి. ప్రతి అందినట్టు సంతకం తీసుకోవాలి.

మరి రిపోర్టు మీద సంతకం? విచారణ నడుస్తుండగా అతను ఆమె పనికి మార్కులు వేయకుండా ఆపి, ఆ పని వేరే అధికారికి అప్పగించాలని కోరవచ్చు. కమిటీ సిఫారసు చేస్తే యాజమాన్యం అమలు చేయాలి. ఈ కోరిక ఫిర్యాదుతోపాటే రాయాలి, ఆరువారాల మనిషికి అది రేపటి విషయం కాదు.

మరికొన్ని

యూజీసీ 2015 నిబంధనల్లో ఇంటర్న్‌షిప్ చోటు కూడా కాలేజీ ఆవరణ కిందికే వస్తుంది, కాబట్టి కాలేజీ కమిటీ తలుపూ తట్టొచ్చు. ఆ నిబంధనలు అబ్బాయిలనూ గుర్తించాయి, 2013 చట్టం స్త్రీలకే. కేంద్రం ఆన్‌లైన్ ఫిర్యాదు చోటు shebox.wcd.gov.in. ఒంటిమీద చెయ్యి వేస్తే పోలీసులకూ చెప్పొచ్చు, భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ ఉంది. ఆరోపణ రుజువు చేయలేకపోయినంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు కాదని చట్టమే చెబుతోంది. పని రాలేదని కేకలేయడం మాత్రం ఈ చట్టం కిందికి రాదు, అది హెచ్‌ఆర్‌కి చెప్పాలి.