గట్టిమేళంలో మంత్రం మునగకుండా

జంషెడ్‌పూర్‌లో ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో పెళ్లంటే వీడియోకు దొరికేది సాధారణంగా హిందీ పెళ్లిళ్లకు అలవాటుపడ్డ కెమెరామనే. జయమాల, సిందూర దానం అతనికి కొట్టినపిండి. చిక్కంతా జీలకర్ర-బెల్లం దగ్గరే. అసలు ముహూర్తం అదేనని ముందే చెప్పకపోతే, తాళి కోసం ఎదురుచూస్తూ సరిగ్గా ఆ నిమిషంలోనే బ్యాటరీ మారుస్తాడు.

అందుకే షాట్ల జాబితాను పురోహితుడిని అడిగి రాసుకోవాలి. ముహూర్తం రాత్రి 10.42 అనుకుంటే, 10.25కే కొత్త బ్యాటరీ, ఖాళీ కార్డు వేసుకోవాలి. అడ్డుతెరకు చెరోవైపు ఒక్కో కెమెరా ఉంటే తలపై చెయ్యి, తెర దించగానే తొలిచూపు రెండూ దక్కుతాయి. అక్షింతలతో బంధువులు ఎలాగూ ఎగబడతారు, వారిని ఆపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి మూడో కెమెరా ఎత్తైన స్టాండు మీద ఉండాలి.

శబ్దం సంగతి వేరు. అదే క్షణంలో గట్టిమేళం మోగుతుంది. కెమెరా మైకులో డోలు దెబ్బలు బరబరమంటాయి, మంత్రం వినిపించదు. పురోహితుడి కండువాకు చిన్న మైకు, నడుముకు రికార్డర్ పెడితే ఆ గొంతు విడిగా దక్కుతుంది. ముందే మేళాన్ని ఒకసారి గట్టిగా వాయించమని, మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా సరిచూసుకోవాలి. కెమెరాలన్నీ నడుస్తుండగా మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టాలి. గంటల తరబడి రికార్డు చేస్తే రెండు పరికరాల వేగంలో స్వల్ప తేడా వస్తుంది. పెదవుల కదలిక మాటకు వెనకబడితే, ఎడిటర్ సరిచేసుకునేది ఆ రెండో చప్పట్లతోనే.