శకుంతల అప్పగింతలు

ఆడపిల్ల పరాయి సొత్తు అనే మాట మన పెళ్లిళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. చదువుకున్నవాళ్లు దానికి కాళిదాసును సాక్ష్యంగా తెస్తారు. అభిజ్ఞాన శాకుంతలం నాలుగో అంకం చివర, కూతురిని అత్తవారింటికి పంపిన కణ్వ మహర్షి చెప్పే శ్లోకం అది. కన్య పరాయివారి ధనమేననీ, ఆమెను భర్త దగ్గరికి పంపాక, దాచమని ఇచ్చిన సొమ్మును తిరిగి ఇచ్చేసినట్లు తన మనసు తేలికపడిందనీ ఆయన అంటాడు. శ్లోకాన్ని విడిగా తీసి చదివితే తండ్రి చేతులు దులుపుకున్నట్లే ఉంటుంది. అంకం మొత్తం చదివినవారికి మాత్రం ఆ మాట అంత సులువుగా మింగుడుపడదు. అంతకుముందు కాళిదాసు మన ముందు పెట్టిన ఒక్కొక్క వస్తువూ ఆ మాటకు ఎదురు చెబుతూనే ఉంటుంది.

ఈ వీడ్కోలు మూలకథలో ఇంత లేదు. మహాభారతం ఆదిపర్వంలోనూ, దాన్ని తెలుగు చేసిన నన్నయలోనూ శకుంతల కొడుకును కని, వాడు కొంత పెద్దవాడయ్యాక రాజు దగ్గరికి వెళుతుంది. పుట్టింట్లో ఆడవాళ్లు ఎక్కువ కాలం ఉండడం మంచిది కాదని చెప్పి కణ్వుడు పంపిస్తాడు. అక్కడ ఉంగరమూ లేదు, దుర్వాసుడి శాపమూ లేదు. కాళిదాసు ఆమెను గర్భవతిగా ఉన్నప్పుడే బయలుదేరదీసి, ఆ ఒక్క ఉదయానికి ఒక అంకంలో అధిక భాగాన్ని ఇచ్చాడు. అభిజ్ఞాన శాకుంతలంలో నాలుగో అంకమే మేటి అనీ, అందులోనూ నాలుగు శ్లోకాలు మరీ గొప్పవనీ పండితులు చెప్పుకుంటూ వస్తున్న అంకం ఇదే.

అడవి పెట్టిన సారె

తెల్లవారుతుండగా సన్నాహం మొదలవుతుంది. కణ్వుడు తీర్థయాత్ర నుంచి తిరిగి వచ్చాడు. శకుంతలకు దుష్యంతుడితో గాంధర్వ వివాహమైన సంగతి అగ్నిశాలలో అశరీరవాణి చెప్పగా విన్నాడు. ఆ రోజే ప్రయాణం. చెలికత్తె అనసూయ ఈ రోజు వస్తుందని ముందే ఊహించి, త్వరగా వాడిపోని పొగడపూల దండను కొబ్బరి చిప్పతో చేసిన బరిణెలో పెట్టి మామిడి కొమ్మకు వేలాడదీసి ఉంచింది. దాన్ని దింపమని ప్రియంవదకు చెప్పి, తాను గోరోచనం, పుణ్యతీర్థాల మట్టి, గరిక చిగుళ్లు కలిపి మంగళకరమైన పూత సిద్ధం చేస్తుంది. పెళ్లికూతురి అలంకరణకు ఆశ్రమంలో దొరికేది అంతే. బంగారం లేదు, పట్టు లేదు.

అప్పుడు చెట్లు ఇస్తాయి. ఒక చెట్టు వెన్నెలలాంటి తెల్లని పట్టువస్త్రం ఇచ్చింది. మరొకటి పాదాలకు పూసుకునే లత్తుక కార్చింది. మిగిలిన చెట్ల నుంచి వనదేవతల చేతులు చిగుళ్లలా మణికట్టు దాకా బయటికి వచ్చి నగలు అందించాయి. తల్లి మేనక దగ్గర లేదు. పెంచిన తండ్రి ముని. అందుకని ఆమెకు సారె పెట్టే బాధ్యత అడవి తీసుకుంది. ఆ నగలు చూసి చెలికత్తెలు తికమకపడతారు. తాము ఎన్నడూ నగలు పెట్టుకున్నవారు కాదు కనుక, బొమ్మల్లో చూసిన ప్రకారం ఆమెకు తొడుగుతారు. రాచనగరుకు వెళ్లే పిల్లను ముస్తాబు చేస్తున్నది ఆ రాచనగరు ఎలా ఉంటుందో తెలియనివాళ్లని ఆ చిన్న వివరం చెబుతుంది. ముందు ఏం జరుగుతుందో అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ అడవి శకుంతలకు ఎందుకంత ఇచ్చిందో కణ్వుడు చెట్లను పలకరిస్తూ చెబుతాడు. చెట్లకు నీళ్లు పోయకుండా ఆమె తాను తాగేది కాదు. అలంకారం మీద ఇష్టం ఉన్నా వాటి చిగురు తుంచేది కాదు. మొదటి పూత పూసినప్పుడు పండుగ చేసేది. ఆ పిల్ల వెళుతోంది, సెలవివ్వండని ఆయన అడిగితే కోకిల కూతే చెట్ల జవాబవుతుంది.

ఆమె చేసిన అప్పగింత

మన పెళ్లిళ్లలో చివరన అప్పగింతలు జరుగుతాయి. పెళ్లికూతురి చేతులను పాలలో అద్ది అత్తమామల చేతుల్లో పెడతారు. అక్కడ అప్పగించేవారు తల్లిదండ్రులు, అప్పగింపబడేది కూతురు. కాళిదాసు మొదటి అప్పగింతను కూతురి చేత చేయించాడు.

వెళ్లేముందు శకుంతల తాను పెంచిన మల్లెతీగ వనజ్యోత్స్న దగ్గరికి వెళ్లి, చెల్లెలిని కౌగిలించుకున్నట్లు కౌగిలించుకుంటుంది. ఆ తీగను ఇద్దరు చెలికత్తెల చేతుల్లో దాచమన్న సొమ్ముగా పెడుతుంది. అందుకు వాళ్లిద్దరూ ఏడుస్తూ, మరి తమను ఎవరి చేతుల్లో పెట్టి వెళుతున్నావని అడుగుతారు. ఆ ప్రశ్నకు శకుంతల జవాబివ్వదు. తీగకు ఒక దిక్కు దొరికింది, మిగిలిపోయిన స్నేహితురాళ్లకు దొరకలేదు. కణ్వుడు ఏడవద్దని వారిస్తాడు, ధైర్యం చెప్పవలసినది మీరేగదా అంటాడు.

తరువాత పాక దగ్గర తిరుగుతున్న నిండుచూలాలు లేడి కనబడుతుంది. అది క్షేమంగా ఈనితే ఆ శుభవార్త చెప్పడానికి ఎవరినైనా పంపమని తండ్రిని కోరుతుంది. తానూ గర్భవతే. తనకు రావలసిన కబురు గురించి అడగకుండా లేడి కబురు అడుగుతుంది.

అంతలో వెనక నుంచి ఎవరో చీర చెంగు పట్టి లాగుతున్నారు. అది ఒక లేడిపిల్ల. మేస్తున్నప్పుడు దర్భ మొన గుచ్చుకుని దాని నోరు గాయపడితే గారనూనె రాసి మాన్పింది శకుంతల. పిడికెళ్లతో చామలు తినిపించి పెంచింది. పుట్టగానే తల్లి పోయిన పిల్ల అది. తల్లి వదిలేసిన శకుంతల ఆ పిల్లకు తల్లి అయింది. ఇప్పుడు తాను వెళుతూ, ఇకపై నాన్న నిన్ను చూసుకుంటాడని దాన్ని కణ్వుడికి అప్పగిస్తుంది. కణ్వుడు శకుంతలను తెచ్చి పెంచినట్లే, శకుంతల పెంచిన పిల్ల మళ్లీ కణ్వుడి దగ్గరికే చేరింది.

ఇన్ని అప్పగింతల్లో ఎవరూ వస్తువు కాదు. గారనూనె, చామలు, చెట్లకు పోసిన నీళ్లు ఇవన్నీ శకుంతల పెట్టిన శ్రమ. ఆమె వెళితే ఆ పనులు ఎవరు చేస్తారన్నది అంకమంతా అందరినీ బాధించే విషయం.

నీటి అంచున

అప్పటికే అగ్నికి ప్రదక్షిణం అయింది. అప్పుడే ఆహుతులు పడిన అగ్నుల చుట్టూ తిప్పి, కణ్వుడు వేద ఛందస్సులో ఆశీర్వదించాడు. శర్మిష్ఠ యయాతికి ఎలాగో అలా భర్తకు ప్రియురాలివి కావాలనీ, పూరుడి వంటి కొడుకును కనాలనీ దీవించాడు. ఊరేగింపు కదిలి కొలను గట్టుకు చేరగానే శిష్యుడు శార్ఙ్గరవుడు ఆగమంటాడు. ప్రియమైనవారిని నీళ్లు కనబడేదాకానే సాగనంపాలని శాస్త్రం. ఆ తరువాత తోడు వచ్చేవారు శార్ఙ్గరవుడు, శారద్వతుడు, గౌతమి మాత్రమే.

అక్కడ పాలచెట్టు నీడలో కణ్వుడు రాజుకు కబురు చెప్పి పంపుతాడు. తపోధనులమైన మమ్మల్ని, గొప్పదైన నీ వంశాన్ని, బంధువులెవరూ కూర్చకుండానే నీ మీద ఆమెకు కలిగిన ప్రేమను తలచుకుని, మిగిలిన భార్యలతో సమానంగా ఈమెను చూసుకో అంటాడు. అంతకు మించిన అదృష్టం ఆమె భాగ్యమనీ, ఆ మాట అడగడం పిల్ల తరఫువారికి తగదనీ ఆగిపోతాడు. కూతురి కోసం ఎంతో కోరుకుని, సమానత్వం దగ్గరే నోరు కట్టేసుకున్న తండ్రి ఆయన.

ఈ గట్టు మీదే చెలికత్తెలు ఉంగరం మాట ఎత్తుతారు. రాజు గుర్తుపట్టడానికి తడబడితే ఆయన పేరు చెక్కిన ఉంగరం చూపించమంటారు. శాపం సంగతి తెలిసింది వాళ్లిద్దరికే. శకుంతల ఒణికిపోతుంది. ప్రేమ ఎప్పుడూ చెడునే శంకిస్తుందని సర్ది చెబుతారు. ఆమె వెంట వెళుతున్న వాటిలో భర్త ఇచ్చినది ఆ ఒక్క ఉంగరమే. దారిలో శచీతీర్థంలో నీటికి మొక్కుతుండగా జారిపోయేది కూడా అదే. పుట్టినచోటు ఇచ్చినవేవీ పోలేదు.

రెండుసార్లు కనిపించే ధాన్యం

నివ్వరి ధాన్యం విత్తకుండా దానంతట అదే పండే అడవి వరి. ఈ అంకంలో అది రెండుసార్లు వస్తుంది. అంకం తొలిభాగంలో మునిపత్నులు చేతుల్లో నివ్వరి గింజలతో నిలబడి, మనం అక్షతలు వేసినట్లు, శకుంతలను దీవిస్తారు. చివర వెళ్లిపోతున్న కూతురు, నా కోసం మరీ బాధపడవద్దని అంటే కణ్వుడు నిట్టూరుస్తాడు. ఆమె పూర్వం పాక గుమ్మంలో బలిగా చల్లిన నివ్వరి గింజలు మొలకెత్తాయి. అవి చూస్తూ తన దుఃఖం ఎలా చల్లారుతుందని అడుగుతాడు.

ఆ తరువాతే, ఆమె చెట్ల చాటుకు వెళ్లిపోయాక, చెలికత్తెలతో తిరిగి వస్తూ పరాయి ధనం శ్లోకం చెబుతాడు. మొలకలు ఇంకా గుమ్మంలోనే ఉన్నాయి. సొమ్ము తిరిగి ఇచ్చేసినవాడి ఇంట్లో ఏమీ మిగలకూడదు. ఇక్కడ మిగిలింది, పైగా పెరుగుతోంది. ఏడుస్తున్న పిల్లలను ఇంటికి నడిపించవలసిన పెద్దవాడు తనకు తాను చెప్పుకున్న ఓదార్పు ఆ శ్లోకం.

ఐదో అంకం ఆ ఓదార్పును నిలబడనివ్వదు. రాజు ఆమెను గుర్తుపట్టడు, ఉంగరం లేదు. కణ్వుడు తిరిగి ఇచ్చాననుకున్న సొమ్మును పుచ్చుకునేవాడే లేడు. శార్ఙ్గరవుడు ఆమెను వెనక్కి తీసుకువెళ్లడానికి ఒప్పుకోడు. భర్త ఇంట్లో దాసిగా ఉన్నా మేలంటాడు. కూతురు సొమ్మే అయితే, హక్కుదారు కాదంటే దాచినవాడు తిరిగి భద్రపరచాలి. ఆ పని ఎవరూ చేయలేదు. మనిషిని సొత్తుగా లెక్కపెడితే చివరికి ఆ మనిషికి నిలవనీడ లేకుండా పోతుందని కాళిదాసు మరుసటి అంకంలోనే చూపించాడు.

కాబట్టి ఆడపిల్ల పరాయి సొత్తు అనడానికి కాళిదాసును సాక్ష్యం పిలవకండి. పిలిచినవారు ఎదురైతే, ఆ శ్లోకానికి కాస్త ముందున్న నివ్వరి మొలకల శ్లోకాన్నీ, వెంటనే వచ్చే ఐదో అంకాన్నీ కలిపి చదవమని చెప్పండి. ఆ మూడూ కలిపి చదివితేనే కాళిదాసును చదివినట్లు.